అయోర్టిక్ వాల్వ్ సన్నబడటం: మెట్ల దారిలో ఆయాసం నుంచి వాల్వ్ మార్చడం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో గుండె డాక్టరుగా పనిచేస్తూ ఓపీలో పదే పదే విన్న ప్రశ్నలు ఇవి. వయసు మీద పడ్డాక కాల్షియం పేరుకుని అయోర్టిక్ వాల్వ్ సన్నబడే జబ్బు గురించే ఇక్కడ ఎక్కువగా చెప్తాను. మధ్యలో 69 ఏళ్ళ రిటైర్డ్ మాస్టారి కథ ఒకటి వస్తుంది. ఆయన ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను.

వాల్వ్ సన్నబడిందన్నారు. అంటే రక్తనాళంలో బ్లాకా? స్టెంట్ వేస్తే పోతుందా?

కాదండీ, రెండూ వేరు. బ్లాక్ అనేది గుండె కండరానికి రక్తం తీసుకెళ్ళే సన్నని నాళాల్లో వస్తుంది. ఇది గుండె గుమ్మంలో వచ్చే జబ్బు. గుండె ఎడమవైపు కింది గదిలోంచి రక్తం ఒళ్ళంతటికీ వెళ్ళే పెద్ద నాళం పేరు అయోర్టా. ఆ గదికీ ఈ నాళానికీ మధ్య మూడు పలుచని రెక్కలున్న తలుపు ఉంటుంది, అదే అయోర్టిక్ వాల్వ్. గుండె ముడుచుకున్నప్పుడు రెక్కలు తెరుచుకుంటాయి, వదులైనప్పుడు మూసుకుంటాయి. రోజుకు లక్షసార్లు ఇదే పని.

ఈ తలుపు పూర్తిగా తెరుచుకుంటే దారి వైశాల్యం 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు, అంటే దాదాపు మన రూపాయి బిళ్ళంత. రెక్కల్లో కాల్షియం గడ్డలు చేరి అవి బిగుసుకుపోతే దారి తగ్గుతూ వస్తుంది. 1 చదరపు సెంటీమీటరు, లేదా అంతకంటే తక్కువకు వస్తే జబ్బు తీవ్రమైందని లెక్క. అది చొక్కా గుండీ అంత. ఒంటికి కావలసిన రక్తమంతా ఆ గుండీ అంత కంతలోంచే పోవాలి.

సున్నం వేసుకుని తాంబూలం తిన్నందుకు వచ్చిందా? కాల్షియం మాత్రలు మానేయమంటారా?

ఇది మా ఊళ్ళో తప్పకుండా వచ్చే ప్రశ్న. తాంబూలం మానడానికి వేరే కారణాలున్నాయి గానీ, వాల్వ్‌లోని కాల్షియం మాత్రం ఆకు మీద రాసుకున్న సున్నం నుంచి వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి రక్తం ఒరిపిడికి రెక్కల పైపొర దెబ్బతింటుంది, అక్కడ కొవ్వు చేరుతుంది, వాపు వస్తుంది. చివరికి రెక్కలోని కణాలే ఎముక కణాల్లా ప్రవర్తిస్తూ కాల్షియాన్ని పోగు చేస్తాయి. వయసు, బీపీ, షుగర్, పొగ తాగడం, కిడ్నీ జబ్బు దీన్ని ముందుకు నెడతాయి. మీకు డాక్టర్ రాసిన కాల్షియం మాత్రలుంటే వాటి గురించి ఆయన్నే అడగండి. సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు.

వందలో ఒకరిద్దరికి పుట్టుకతోనే మూడు రెక్కలకు బదులు రెండే ఉంటాయి. వాళ్ళకు ఇదే జబ్బు పది ఇరవై ఏళ్ళు ముందే వస్తుంది. అలాంటి వారి తోబుట్టువులకు, పిల్లలకు ఒకసారి ఎకో చేయిస్తే మంచిది. చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరం వల్ల కూడా ఈ వాల్వ్ సన్నబడుతుంది. అయితే అందులో దాదాపు ఎప్పుడూ గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ కూడా దెబ్బతిని ఉంటుంది.

ఇన్నేళ్ళూ ఏమీ తెలియలేదు. ఒక్కసారిగా తీవ్రం అంటున్నారెందుకు?

ఒక్కసారిగా కాలేదు. గుండె ఇన్నాళ్ళూ దాచిపెట్టింది. దారి ఇరుకైన కొద్దీ కింది గది గోడ మందం పెంచుకుంటుంది, ఎక్కువ బలంతో నెడుతుంది. చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 130 ఉన్న మనిషికి, వాల్వ్‌కు లోపలివైపు గుండె గదిలో ఒత్తిడి 180 దాకా ఉండొచ్చు. ఆ లోపలి ఒత్తిడి బీపీ మిషన్‌కు కనిపించదు. కూర్చున్నప్పుడు, ఇంట్లో తిరుగుతున్నప్పుడు గుండె ఎలాగో నెట్టుకొస్తుంది. ఎక్కువ రక్తం కావలసి వచ్చినప్పుడే లోటు బయటపడుతుంది.

ఏ లక్షణాలు కనిపిస్తే తీవ్రమైందని అనుకోవాలి?

మూడున్నాయి. మూడూ శ్రమలోనే మొదలవుతాయి.

ఎక్కువ మందిలో మొదట వచ్చేది ఆయాసం. మందమైన గోడ బిగుసుగా ఉంటుంది కాబట్టి గది సులువుగా నిండదు. ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిన్నటిదాకా ఎక్కిన మెట్లే ఇవాళ దమ్ము తెప్పిస్తాయి. ముదిరితే రాత్రి పడుకున్నాక ఊపిరాడక లేచి కూర్చుంటారు.

రెండోది ఛాతీలో పట్టేసినట్టు ఉండటం. బ్లాకులు ఒక్కటీ లేకపోయినా ఇది రావచ్చు. కండరం మందమైంది, దానికి రక్తం ఎక్కువ కావాలి, వచ్చేది మాత్రం అంతే. అందుకే యాంజియోగ్రామ్ బాగుంది కాబట్టి ఈ నొప్పి గ్యాస్ నొప్పే అని ఇంటికి పంపేస్తే పొరపాటు జరిగినట్టే.

మూడోది నడుస్తూనో, బరువెత్తుతూనో కళ్ళు బైర్లు కమ్మడం, పడిపోవడం. శ్రమలో కాళ్ళ కండరాల్లోని రక్తనాళాలు విప్పారుతాయి. మామూలు గుండైతే వెంటనే ఎక్కువ రక్తం పంపి బీపీని నిలబెడుతుంది. ఇక్కడ గుండీ అంత కంతలోంచి అదనంగా పంపడం కుదరదు, బీపీ పడిపోతుంది. ఎండకు తిరిగాడనో, ఉపవాసం ఉన్నాడనో సరిపెట్టుకోవద్దు. పని చేస్తుండగా స్పృహ తప్పితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

1968లో రాస్, బ్రాన్‌వాల్డ్ అనే ఇద్దరు వైద్యులు వాల్వ్ మార్చని రోగుల గురించి లెక్క కట్టారు. నొప్పి మొదలయ్యాక సగటున 5 ఏళ్ళు, స్పృహ తప్పడం మొదలయ్యాక 3 ఏళ్ళు, గుండె వైఫల్యపు ఆయాసం మొదలయ్యాక 2 ఏళ్ళు. అప్పటికీ ఇప్పటికీ రోగుల వయసుల్లో తేడా ఉన్నా, లక్షణం కనిపించాక గడువు తక్కువ అన్న సంగతి మారలేదు.

మా నాన్నకు ఇబ్బంది ఏమీ లేదు సార్. ఎకోలో మాత్రం సివియర్ అని వచ్చింది. ఎందుకు కంగారు?

ఇక్కడే మాస్టారి కథ చెప్పాలి. కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో స్టెతస్కోప్‌కు శబ్దం వినపడి మా దగ్గరికి పంపారు. నేను అడిగాను, ఆయాసం ఉందా అని. లేదన్నారు. నొప్పి? లేదు. కళ్ళు తిరగడం? అస్సలు లేదు. కొడుకు కూడా తలూపాడు.

అలిపిరి దారిలో కొండకు చివరిసారి ఎప్పుడు నడిచారని అడిగాను. తిరుపతి వాళ్ళను నేను ట్రెడ్‌మిల్ కన్నా ముందు అడిగే ప్రశ్న ఇది. 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా నిటారు, తర్వాత కాస్త చదును, మళ్ళీ మోకాలిమెట్టు దగ్గర నిటారు. అన్నీ కలిసిన పరీక్ష. మాస్టారు గర్వంగా, ఏటా నాలుగైదు సార్లు ఎక్కేవాణ్ణి, మూడు గంటల్లో పైనుండేవాణ్ణి అన్నారు. ఇప్పుడో? "ఇప్పుడు బస్సులో పోతున్నాం" అని ఆయన అనేలోపే పక్కనున్న వాళ్ళావిడ అందుకుంది. "రెండేళ్ళ కింద ఐదు గంటలు పట్టింది సార్. గాలిగోపురం లోపలే ఆరేడు చోట్ల కూర్చున్నాడు. పోయినేడు మొదటి మలుపు దాటగానే వెనక్కి దిగొచ్చేశాం. మోకాళ్ళ నొప్పి అన్నాడు. ఇప్పుడు ఇంట్లో మేడ మీదికి కూడా పోవడం లేదు, బట్టలు నేనే ఆరేస్తున్నా."

లక్షణం లేకపోవడం కాదిది. లక్షణం రాకుండా ఉండేంతగా ఆయన తన పనిని తగ్గించుకున్నారు. ఈ జబ్బులో అందరూ మోసపోయేది ఇక్కడే. వయసైపోయింది అన్న మాట కింద రెండేళ్ళ ఆయాసం దాక్కుంటుంది. అందుకే రోగిని ఒంటరిగా ఓపీకి పంపొద్దని చెప్తాను. భార్యో, భర్తో, ఒకే ఇంట్లో ఉండే కోడలో వస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మీరు అడగవలసింది "ఆయాసం ఉందా" అని కాదు. నిరుడు చేసిన ఏ పని ఈ ఏడు చేయడం లేదు అని అడగండి.

ఎకో రిపోర్ట్‌లో ఏ అంకెలు చూడాలి?

మూడు చాలు. మాస్టారి రిపోర్ట్‌నే తీసుకుందాం.

మొదటిది Vmax, అంటే వాల్వ్‌లోంచి రక్తం దూసుకొచ్చే వేగం. తోటలో నీళ్ళ పైపు కొసను బొటనవేలితో నొక్కితే ధార వేగం పెరుగుతుంది కదా, అదే లెక్క. మామూలుగా సెకనుకు 1 మీటరు, కాస్త అటూ ఇటూ ఉంటుంది. 4 మీటర్లు, ఆ పైన ఉంటే తీవ్రం. మాస్టారికి 4.4.

రెండోది mean gradient, గుండె గదికీ అయోర్టాకూ మధ్య సగటు ఒత్తిడి తేడా. 40 దాటితే తీవ్రం. ఆయనకు 46. కొన్ని రిపోర్టుల్లో peak gradient అని పెద్ద అంకె కూడా వేస్తారు. వేగాన్ని వేగంతో గుణించి, మళ్ళీ 4తో గుణిస్తే వచ్చేది అది. 4.4 × 4.4 × 4 అంటే 77. ఆ 77 చూసి జబ్బు రెండింతలైందని కంగారుపడకండి. 40 అన్న గీతతో పోల్చాల్సింది సగటును.

మూడోది AVA, వాల్వ్ దారి వైశాల్యం. ఆయనకు 0.8. ఈ మూడూ ఒకే మాట చెప్తున్నాయి కాబట్టి సందేహం లేదు. వీటికి తోడు EF, గుండె పంపింగ్ శాతం, 60 ఉంది. అంటే కండరం ఇంకా అలసిపోలేదు.

వైశాల్యం 0.8 అని ఉంది, గ్రేడియంట్ మాత్రం 28 అట. ఒకాయన తీవ్రం అన్నారు, ఇంకొకాయన మధ్యరకం అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. మళ్ళీ ఆ నీళ్ళ పైపు దగ్గరికే వెళ్దాం. కొళాయిలో నీళ్ళే సన్నగా వస్తుంటే, వేలితో ఎంత నొక్కినా ధార దూరం పోదు. పంపింగ్ తగ్గిన గుండెలో జరిగేది ఇదే. వాల్వ్ బాగా మూసుకుపోయినా, వెనక నుంచి తోసే బలం లేక వేగమూ గ్రేడియంటూ తక్కువగా కనిపిస్తాయి. ఇంకో పక్క, బలహీనమైన గుండె రెక్కల్ని పూర్తిగా తెరవలేక, మధ్యరకం జబ్బు కూడా ఎకోలో తీవ్రంగా కనిపించవచ్చు.

తేల్చడానికి రెండు దారులు. EF తగ్గినవాళ్ళకు డోబుటమైన్ అనే మందు చిన్న మోతాదులో ఎక్కిస్తూ ఎకో చేస్తాం. గుండె జోరందుకుని రక్తం ఎక్కువ పంపినప్పుడు గ్రేడియంట్ 40 దాటి, వైశాల్యం 1 లోపే ఉండిపోతే జబ్బు నిజంగా తీవ్రం. వైశాల్యం పెరిగితే కాదు. రెండోది సీటీ స్కాన్‌లో వాల్వ్ మీద కాల్షియం కొలవడం. ఆడవాళ్ళకు 1200, మగవాళ్ళకు 2000 యూనిట్లు దాటితే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ. అంతకన్నా ముందు ఎకో ఒకసారి మళ్ళీ జాగ్రత్తగా చేయిస్తే సగం గొడవ తీరుతుంది. ప్రోబ్ కోణం కాస్త పక్కకు పోతే వేగం ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

మందులతో కరగదా?

కరగదు. కొవ్వు తగ్గించే మాత్రలు ఆపగలవేమో అని పెద్ద ఆశ ఉండేది. 2008లో వచ్చిన సీస్ అనే పెద్ద అధ్యయనంలో కొవ్వు తగ్గింది గానీ వాల్వ్ జబ్బు ముదరడం ఆగలేదు. మీకు ఆ మాత్రలు వేరే కారణానికి రాసి ఉంటే కొనసాగించండి. బీపీ మందులూ వాడాల్సిందే, కాకపోతే చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం. ఒంట్లో నీరు చేరితే తగ్గించే మాత్రలు ఆయాసానికి ఉపశమనం ఇస్తాయి. తలుపు మాత్రం అలాగే ఉంటుంది.

ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద మాత్ర పెట్టుకోవచ్చా?

వాల్వ్ జబ్బు తీవ్రంగా ఉందని తెలిసినవాళ్ళు పక్కింటివాళ్ళ సార్బిట్రేట్ తీసుకుని వేసుకోవద్దు. అది రక్తనాళాలను ఒక్కసారిగా విప్పుతుంది. ఇరుకు దారి వెనకున్న గుండె ఆ ఖాళీని నింపలేక బీపీ పడిపోవచ్చు, మనిషి కూలబడవచ్చు. మీ డాక్టర్ చెప్పి ఉంటే తప్ప వద్దు. 108కి ఫోన్ చేయండి, వచ్చినవాళ్ళకు వాల్వ్ జబ్బు ఉందని మొదటే చెప్పండి.

రక్తం తక్కువైంది, మలం నల్లగా పోతోంది. దీనికీ వాల్వ్‌కూ సంబంధం ఉందా?

ఉండొచ్చు. ఇరుకులోంచి దూసుకొచ్చే రక్తంలో గడ్డకట్టడానికి సాయపడే ఒక ప్రొటీన్ తెగిపోతుంది. పేగులోని బలహీనమైన చిన్న నాళాల నుంచి రక్తం కారుతుంది. వాల్వ్ మార్చాక చాలామందిలో ఇది ఆగిపోతుంది. అయినా కడుపు, పేగుల పరీక్షలు చేయించకుండా నెపం వాల్వ్ మీదికి నెట్టకూడదు.

వాల్వ్ ఎప్పుడు మార్చాలి?

జబ్బు తీవ్రంగా ఉండి, దానివల్ల లక్షణం ఒక్కటి కనిపించినా మార్చాలి. ఇందులో పెద్దగా వాదన లేదు. మాస్టారు ఈ కోవలోకే వచ్చారు. మెట్ల కథ విన్నాక ఆయనకు ట్రెడ్‌మిల్ అక్కర్లేకపోయింది. లక్షణాలున్నవాళ్ళకు ట్రెడ్‌మిల్ చేయడం ప్రమాదం కూడా.

లక్షణాలు నిజంగానే లేకపోయినా EF 50 కన్నా తగ్గితే మార్చాలి. బైపాస్ లాంటి వేరే గుండె ఆపరేషన్ ఎలాగూ చేస్తుంటే తీవ్రమైన వాల్వ్‌ను అప్పుడే మార్చేస్తారు. ఇవి కాక కొన్ని సూచనలు తూకాన్ని మార్పిడివైపు వంచుతాయి. డాక్టర్ సమక్షంలో ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే ఆయాసం రావడం, లేదా బీపీ పెరగాల్సింది పోయి పడిపోవడం. వేగం 5 మీటర్లు దాటడం. ఏడాదిలో వేగం 0.3 లేదా ఎక్కువ పెరగడం. బీఎన్‌పీ అనే రక్తపరీక్ష మామూలు కన్నా మూడు రెట్లు మించడం.

లక్షణాలే లేనివాళ్ళకు ముందే మార్చేస్తే మేలా అన్నది ఇటీవలి చర్చ. 2024లో వచ్చిన ఎర్లీ టావర్ అధ్యయనంలో, తీవ్ర జబ్బు ఉన్నా ట్రెడ్‌మిల్ మీద ఇబ్బందిపడని 901 మందిని రెండుగా విభజించారు. ఒక గుంపుకు వెంటనే మార్చారు, రెండో గుంపును కనిపెట్టుకుని ఉన్నారు. ఆగిన గుంపులో నాలుగేళ్ళు తిరక్కముందే 87 శాతం మందికి వాల్వ్ మార్చాల్సి వచ్చింది. మరణాల్లో స్పష్టమైన తేడా రాలేదు గానీ, ఉన్నట్టుండి ఆసుపత్రిలో చేరాల్సి రావడం ముందే మార్చినవాళ్ళలో తగ్గింది. దీన్నిబట్టి అందరికీ వెంటనే మార్చేయాలని నేను అనను. ఆరునెలలకోసారి ఎకోకు రాలేని మనిషైతే మాత్రం ఆగమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు.

మధ్యరకం అన్నారు. మళ్ళీ ఎప్పుడు రావాలి?

ఏడాది నుంచి రెండేళ్ళలోపు ఎకోకు రండి. స్వల్పమైతే మూడు నుంచి ఐదేళ్ళకు ఒకసారి చాలు. సగటున వైశాల్యం ఏడాదికి 0.1 చదరపు సెంటీమీటరు తగ్గుతుందని అంచనా, కొందరిలో ఇంకా వేగంగా పోతుంది. ఆయాసం మొదలైతే తేదీ కోసం ఆగొద్దు. పాత రిపోర్టులు పారేయకండి, ఈ జబ్బులో పక్కపక్కన పెట్టి చూసే రెండు రిపోర్టులకే విలువ ఎక్కువ.

ఛాతీ తెరవకుండా తొడ నుంచి వాల్వ్ పెడతారట కదా?

అవును, దాన్ని టావీ అంటారు. ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే అనే వైద్యుడు 2002లో మొదటిసారి మనిషికి చేశారు. మడిచిన కొత్త వాల్వ్‌ను తొడ దగ్గరి ధమనిలోంచి పంపి, పాత వాల్వ్ మధ్యలో విప్పుతారు. పాత రెక్కలు గోడకు నొక్కుకుపోతాయి. కొద్ది రోజుల్లో ఇంటికి వెళ్ళొచ్చు.

సాధారణంగా 65 లోపు వయసైతే ఆపరేషన్, 80 దాటితే లేదా ఆపరేషన్ తట్టుకోలేని ఒళ్ళైతే టావీ. మధ్య వయసుల్లో కూర్చుని మాట్లాడుకోవాలి. తొడ ధమని సరిపోతుందా, రెక్కలు రెండా మూడా, బ్లాకులున్నాయా అన్నది సీటీ, యాంజియోగ్రామ్ చూసి తేలుస్తాం. టావీ తర్వాత కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుంది, కొందరిలో వాల్వ్ అంచున కాస్త లీక్ మిగులుతుంది. వాల్వ్ ఖరీదు కూడా చాలా ఎక్కువ. వాల్వ్ మార్చే ఆపరేషన్ డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవలో ఉంది, ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడిగితే మీ కార్డు సంగతి చెప్తారు.

మాస్టారి కొడుకు కోత లేని పద్ధతే కావాలన్నాడు. యాంజియోగ్రామ్ చేస్తే గుండె ముందువైపు పెద్ద నాళం మొదట్లోనే 80 శాతం బ్లాక్ కనిపించింది. బైపాసూ, వాల్వూ ఒకే ఆపరేషన్‌లో అయిపోతాయి. 69 ఏళ్ళ వయసు, కిడ్నీలు బాగున్నాయి, ఊపిరితిత్తులు బాగున్నాయి. సర్జన్‌తో కలిసి మాట్లాడాక ఆపరేషన్‌కే ఒప్పుకున్నారు. ముందు పన్ను డాక్టర్ దగ్గరికి పంపి పుచ్చిన పళ్ళు రెండు తీయించాం. పళ్ళలోని క్రిములు కొత్త వాల్వ్‌కు పట్టుకుంటే పెద్ద ముప్పు. ఆపరేషన్ తర్వాత కూడా పన్ను తీయించే ముందు యాంటిబయోటిక్ వేసుకోవాలి.

మెకానికల్ వాల్వా, టిష్యూ వాల్వా?

లోహం, కార్బన్‌తో చేసిన మెకానికల్‌ది అరగదు, కానీ బతికున్నంతకాలం రక్తం పలుచన చేసే వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వేసుకుంటూ, రక్తం ఎంత పలుచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకోవాలి. ఈ స్థానంలోని వాల్వ్‌కు ఎక్కువ మందికి అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. కొత్త రకం రక్తం పలుచన మాత్రలు మెకానికల్ వాల్వ్‌కు పనికిరావు, ఎవరు సులువని చెప్పినా మార్చొద్దు. ఆకుకూర మానక్కర్లేదు. వారమంతా మాని ఒకరోజు గిన్నెడు తినకుండా, రోజూ ఒకే తీరుగా తినండి. తలనీలాలు ఇచ్చేటప్పుడు కత్తి గాటు పడితే రక్తం ఆలస్యంగా ఆగుతుంది, క్షురకుడికి ముందే చెప్పండి.

జంతువుల కణజాలంతో చేసిన టిష్యూ వాల్వ్‌కు జీవితాంతం ఆ మాత్రలు అక్కర్లేదు, కానీ పది పదిహేనేళ్ళకు అరిగిపోవచ్చు. వయసు తక్కువైతే మెకానికల్ వైపు, 65 దాటితే టిష్యూ వైపు మొగ్గుతాం. తల్లి కావాలనుకునే అమ్మాయిల విషయం వేరే, వార్ఫరిన్ గర్భానికి చేటు. మాస్టారు టిష్యూ వాల్వ్ పెట్టించుకున్నారు.

ఆపరేషన్ అయ్యాక కొండకు నడవొచ్చా?

తీవ్ర జబ్బు ఉండి వాల్వ్ మార్చకముందు వద్దు. మొక్కు ఉంటే బస్సులో వెళ్ళి తీర్చుకోండి. ఆపరేషన్ తర్వాత ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా బరువులు ఎత్తొద్దు, రోజూ చదును నేల మీద నడక పెంచుకుంటూ పోండి. ఎకో చూసి, మీ డాక్టర్ సరేనన్నాక మెట్లు.

మాస్టారు మూడో నెల ఎకోకు వచ్చినప్పుడు కొత్త వాల్వ్ దగ్గర సగటు గ్రేడియంట్ 11 ఉంది. ఎనిమిదో నెలలో, ముందు అడిగే, అలిపిరి నుంచి గాలిగోపురం దాకా వెళ్ళొచ్చారు. దారిలో ఎన్నిసార్లు కూర్చున్నారని అడిగితే ఒక్కసారే అన్నారు, అదీ వాళ్ళావిడకు దమ్మొస్తే. ఆమెకు కూడా ఎకో రాశాను.